మూడు సూదులు, ఒక సూది, మళ్లీ మూడు: టీకాల కాగితంలో పట్టిక ఎక్కడ వేయాలి?

ప్రశ్న: నమస్కారం అండి. నేను ఏఎన్‌ఎంగా పనిచేస్తున్నాను. మా సబ్‌సెంటర్‌కి వచ్చే తల్లులకి ఇద్దామని పిల్లల టీకాల మీద ఒక కాగితం తయారుచేశాను. మొదట అంతా పాయింట్లుగా రాస్తే రెండు పేజీలు దాటింది. మా సూపర్‌వైజర్ మేడం "మొత్తం టేబుల్‌లో పెట్టెయ్యమ్మా, నీట్‌గా ఉంటుంది" అన్నారు. ఐదు నిలువు వరసల టేబుల్ వేశాను. అక్షరాలు చిన్నవైపోయాయి, తల్లులు కాగితం చేతిలో పెట్టుకునే మళ్లీ నన్నే అడుగుతున్నారు. ఏది టేబుల్‌లో పెట్టాలి, ఏది పాయింట్లుగా రాయాలి, ఏది మామూలుగా రాయాలి? దీనికి పద్ధతేమైనా ఉందా? రెండు కాగితాలూ జతచేస్తున్నాను.

సమాధానం: రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. విషయంలో తప్పేమీ లేదు. ఇప్పుడు అమల్లో ఉన్న జాతీయ టీకాల షెడ్యూలు ఉన్నదున్నట్టు దించారు. చిక్కంతా ఒక్కటే. మీ కాగితంలో మూడు రకాల విషయాలున్నాయి, మూడింటినీ ఒకే మూసలో పోశారు. మొదటిసారి అన్నీ పాయింట్లయ్యాయి, రెండోసారి అన్నీ గళ్లలోకి వెళ్లాయి.

పద్ధతి ఉంది. ఏ విషయాన్నైనా కాగితం మీద పెట్టేముందు, చదివే మనిషి దాని దగ్గరికి ఏ ప్రశ్నతో వస్తుందో ఊహించుకోండి. "మా బాబుకి రెండున్నర నెలలు, ఇప్పుడేం వేస్తారు?" అని వస్తే, ఆమెకి కాగితమంతా చదివే పని లేదు. ఒక చోట వేలు పెట్టి జవాబు చూసుకుని వెళ్లిపోతుంది. అలా వెతుక్కునేవాటికి పట్టిక. "ఇవాళ ఇంటికెళ్లి ఏం చేయాలి?" అని వస్తే చేయాల్సిన పనులు కావాలి, అవి పాయింట్లు. "టైముకి తీసుకురాలేకపోయాను, ఇప్పుడెలా?" అని కంగారుగా వస్తే ఆమెకి కావాల్సింది జవాబు, దాంతోపాటు కారణం. దానికి వాక్యాలే కావాలి. గడిలో కారణం ఇమడదు.

ముందు మీ పాయింట్ల కాగితం చూద్దాం. అందులో ఇలా ఉంది: "పెంటావాలెంట్: 6, 10, 14 వారాలకు. రోటా: 6, 10, 14 వారాలకు. పీసీవీ: 6, 14 వారాలకు, తర్వాత 9 నెలలకు. ఐపీవీ: 6, 14 వారాలకు, తర్వాత 9 నెలలకు." ప్రతి పాయింటులోనూ అదే వరస: టీకా పేరు, పక్కన వయసులు. పాయింట్లన్నీ ఒకే రకం ప్రశ్నకి జవాబు చెబుతుంటే అది పాయింట్ల వేషంలో ఉన్న పట్టిక. పాయింట్లుగా ఉన్నంతసేపూ తల్లి ఒక్కో లైనులో "10" అనే అంకె ఉందా లేదా అని వెతుక్కోవాలి. ఇదే పట్టికగా వేస్తే ఏం కనిపిస్తుందో చూడండి. పుట్టగానే వేసేవి వదిలేసి, తర్వాతి మూడు విడతల వరకే తీసుకుంటున్నాను.

| టీకా | 6 వారాలు | 10 వారాలు | 14 వారాలు |
|---|---|---|---|
| పోలియో చుక్కలు | ఉంది | ఉంది | ఉంది |
| రోటా చుక్కలు | ఉంది | ఉంది | ఉంది |
| పెంటా (సూది) | ఉంది | ఉంది | ఉంది |
| పీసీవీ (సూది) | ఉంది | లేదు | ఉంది |
| ఐపీవీ (సూది) | ఉంది | లేదు | ఉంది |

పదిహేను గళ్లు, అందులో రెండే "లేదు". ఆ రెండూ ఒకే నిలువు వరసలో, ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. మొదటిసారి మూడు సూదులు, రెండోసారి ఒకటే, మూడోసారి మళ్లీ మూడు. "పోయినసారి మూడు వేశారు, ఈసారి ఒకటే వేసి పంపేస్తున్నారేంటి?" అని తల్లులు మిమ్మల్ని అడిగేది దీన్ని గురించే అయ్యుంటుంది. పాయింట్లలో రాసినప్పుడు కూడా ఈ సమాచారం ఉంది కానీ కనిపించలేదు. ఎందుకంటే పాయింట్లలో లేనిదాన్ని చూపించడానికి చోటు ఉండదు. పీసీవీ పాయింటులో "10" రాయలేదు, అంతే. పట్టికలో ఆ లేకపోవడానికి కూడా ఒక గడి ఉంటుంది. విషయాన్ని పట్టికలో పెట్టాలా వద్దా అని సందేహం వచ్చినప్పుడు నేను ముందు చూసేది ఇదే: లేనిది కూడా చదివేవాళ్లకి అవసరమైన సమాచారమేనా? అవునంటే పట్టిక వేయాల్సిందే.

అయితే ఆ గళ్లని ఖాళీగా వదిలేయకండి. "లేదు" అనో, ఒక అడ్డగీతో పెట్టండి. ఖాళీ గడి చూస్తే తల్లికి అది వేయరా, మీరు రాయడం మర్చిపోయారా అన్నది తెలియదు. టీకాల విషయంలో ఆ అనుమానం మంచిది కాదు.

ఇప్పుడు మీ రెండో కాగితం. వరసలు: టీకా పేరు, ఎప్పుడు, ఏ జబ్బు రాకుండా, మోతాదు-ఎక్కడ వేస్తారు, గమనిక. ఈ రూపం ఎక్కడిదో చూడగానే తెలిసిపోతుంది. మీకు శిక్షణలో ఇచ్చే జాతీయ షెడ్యూలు పట్టిక కూడా ఇలాగే టీకా పేరుతో మొదలై ఎప్పుడు, ఎంత, ఎలా, ఎక్కడ అని సాగుతుంది. మీకు అది సరైన పట్టిక. మీ చేతిలో వయల్ ఉంటుంది, దాన్ని ఎంత మోతాదులో, ఏ చేతికి, చర్మంలోకా కండలోకా అన్నది మీ ప్రశ్న. కాబట్టి టీకా పేరు మొదట ఉండాలి. తల్లి చేతిలో ఉండేది బిడ్డ. ఆమెకి తెలిసింది బిడ్డ వయసొక్కటే. టీకా పేరు దగ్గర మొదలుపెట్టమంటే ఆమె అన్ని అడ్డ వరసలూ చదివితే గానీ తన జవాబు దొరకదు. మీ టేబుల్ తల్లులకి పనికిరాకపోవడానికి అక్షరాల సైజు కన్నా ఇదే పెద్ద కారణం. పట్టికలో మొదటి నిలువు వరస ఎప్పుడూ చదివేవాళ్లకి ముందే తెలిసిన విషయం కావాలి. అక్కడే వాళ్లు వేలు పెట్టేది.

అందుకని వయసుని ముందుకి తెచ్చి, మీ పట్టికని ఇలా తిప్పాను:

| బిడ్డ వయసు | నోటి ద్వారా | సూది | రావాల్సిన తేదీ |
|---|---|---|---|
| పుట్టగానే | పోలియో | బీసీజీ, హెపటైటిస్-బి | |
| నెలన్నర (6 వారాలు) | పోలియో, రోటా | పెంటా, పీసీవీ, ఐపీవీ | |
| రెండున్నర నెలలు (10 వారాలు) | పోలియో, రోటా | పెంటా | |
| మూడున్నర నెలలు (14 వారాలు) | పోలియో, రోటా | పెంటా, పీసీవీ, ఐపీవీ | |
| 9 నెలలు నిండాక | విటమిన్-ఎ | ఎంఆర్, పీసీవీ, ఐపీవీ | |
| 16 నుంచి 24 నెలలు | పోలియో, విటమిన్-ఎ | ఎంఆర్, డీపీటీ | |
| 5 నుంచి 6 ఏళ్లు | — | డీపీటీ | |

మోతాదు వరస తీసేశాను. 0.1 మిల్లీలీటరా 0.5 మిల్లీలీటరా అన్నది మీరు చూసుకునే విషయం, తల్లి దాంతో చేసేదేమీ లేదు. మెదడువాపు టీకా, అంటే జేఈ, అన్ని జిల్లాల్లో ఇవ్వరు. దానికి నక్షత్రం గుర్తు పెట్టి కింద "కొన్ని జిల్లాల్లో మాత్రమే" అని రాశారు. మీ జిల్లాలో ఇస్తారో లేదో మీకు తెలుసు. ఇస్తుంటే 9 నెలల వరసలోనూ, 16 నుంచి 24 నెలల వరసలోనూ చేర్చండి, ఇవ్వకపోతే ఆ మాటే తీసేయండి. తల్లికి సంబంధం లేని జిల్లాల సంగతి ఆమె కాగితంలో ఎందుకు?

వయసుని వారాల్లోనూ నెలల్లోనూ రెండు రకాలుగా రాశాను. షెడ్యూలు వారాల్లో ఉంటుంది, ఇంట్లో మాట నెలల్లో ఉంటుంది. అయితే ఈ పట్టికలో అసలు పనిచేసే వరస చివరిది, మీరు పెన్నుతో నింపేది. ఉదాహరణకి 2025 జనవరి 8, బుధవారం పుట్టిన పాపని తీసుకోండి. ఆరు వారాలు ఫిబ్రవరి 19కి నిండుతాయి, పది వారాలు మార్చి 19కి, పద్నాలుగు వారాలు ఏప్రిల్ 16కి. మూడూ బుధవారాలే. తొమ్మిది నెలలు నిండేది అక్టోబర్ 8, అదీ బుధవారమే. పదహారు నెలలు 2026 మే 8కి నిండుతాయి, అది శుక్రవారం. మీ టీకా రోజులు బుధ, శనివారాలైతే ఆ గడిలో మే 9 అని రాయాలి. ఈ లెక్క తల్లిని వేసుకోమంటే కొందరు ఫిబ్రవరి 8 తర్వాత పదిహేను రోజులని లెక్కేసి 23న వస్తారు. ఆ రోజు ఆదివారం. తేదీ మీరే రాసిచ్చారంటే "మళ్లీ ఎప్పుడు రావాలి?" అన్న ప్రశ్నకి జవాబు ఆ కాగితంలోనే ఉంటుంది. తేదీలన్నీ మొదటిరోజే నింపకుండా, వచ్చిన ప్రతిసారీ తర్వాతి ఒక్క గడే నింపండి. ఒక విడత ఆలస్యమైతే కింద ఉన్నవన్నీ కొట్టేసి రాయాల్సిన పని ఉండదు.

మీ టేబుల్‌లో "ఏ జబ్బు రాకుండా" అనే వరస గురించి కాస్త ఆలోచించాను. అది తల్లులకి తెలియాల్సిన విషయమే. కానీ పెంటా ఎదురుగా ఆ గడిలో కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ అని ఐదు పేర్లు రాయాల్సొచ్చింది. రోటా ఎదురుగా "విరేచనాలు" అని ఒక్కటే. ఒక గడి ఉబ్బిపోయి, పక్కది ఖాళీగా కనిపిస్తోంది. పైగా పెంటా మూడుసార్లు వస్తుంది, వయసు ప్రకారం వేసిన పట్టికలో అదే జాబితా మూడుసార్లు రాయాలి. దీన్ని పట్టిక కింద రెండు మూడు వాక్యాలుగా రాయండి: "పెంటా ఒక్క సూదే, కానీ ఐదు జబ్బులను ఆపుతుంది. అందుకే మూడుసార్లూ తప్పకుండా వేయించాలి. పీసీవీ న్యుమోనియా నుంచి, ఎంఆర్ తట్టు, రుబెల్లా నుంచి కాపాడతాయి." ఇలా రాస్తే చదువు రాని తల్లికి మీరో, ఆశా కార్యకర్తో చదివి వినిపించగలరు. పట్టికని గట్టిగా చదివితే విన్నవాళ్లకి ఏమీ అర్థం కాదు. మీ తల్లుల్లో కాగితం చదవలేనివాళ్లు ఎక్కువుంటే ఈ తేడా చాలా ముఖ్యం.

ఇక "గమనిక" వరస. పట్టిక వేసేటప్పుడు ఆ పేరుతో ఒక వరస పెట్టాలనిపించిందంటే, గళ్లలో ఇమడని విషయం ఏదో మిగిలిపోయిందన్నమాట. మీ గమనికల్లో ఏమున్నాయో విడదీసి చూశాను. "ఉచితం" అని ప్రతి గడిలోనూ ఉంది. పైనుంచి కింద దాకా ఒకే మాట ఉంటే అది వరస కాదు, పట్టిక పైన ఒక లైను రాస్తే సరిపోతుంది: "ఈ టీకాలన్నీ ఉచితం." మిగిలినవి రెండు రకాలు: ఇంటికెళ్లాక చేయాల్సినవి, ఆలస్యమైతే ఏం చేయాలన్నవి.

చేయాల్సినవి పాయింట్లుగా రాయండి. ఇవి ఒకదానితో ఒకటి పోల్చిచూసేవి కావు, ఏ ఒక్కటి విడిగా చదివినా అర్థమవుతుంది. పాయింట్లు బాగా పనిచేసేది అలాంటి చోటే. మీరు పదకొండు రాశారు, అందులో నాలుగే తల్లి చేసే పనులు:

- టీకా వేశాక అరగంట ఇక్కడే కూర్చోండి.
- సూది వేసిన చోట రుద్దకండి, పసుపు గానీ ఇంకేదైనా గానీ రాయకండి.
- జ్వరం వస్తే మేం చెప్పిన మోతాదులోనే మందు వేయండి. జ్వరం ఎక్కువైనా, బిడ్డ పాలు తాగకపోయినా వెంటనే ఫోన్ చేయండి.
- టీకా కార్డు జాగ్రత్తగా పెట్టుకోండి, ప్రతిసారీ తీసుకురండి.

మిగిలిన ఏడూ వివరణలు. "బీసీజీ వేసిన చోట కొన్ని వారాలకి చిన్న పొక్కు వస్తుంది, పుండులా అయి, మానాక మచ్చ మిగులుతుంది" అన్నది పాయింటుగా పెడితే ఆపదేమో అన్నట్టుంటుంది. దాన్ని వాక్యాల్లోకి తెచ్చి, "అది మామూలే, టీకా పనిచేస్తుంటే అలాగే వస్తుంది, దానికి మందు రాయక్కర్లేదు" అని పక్కనే చెప్పాలి. భయం, దానికి సమాధానం విడివిడి పాయింట్లలో ఉంటే చదివేవాళ్లు మొదటిది చదివి అక్కడే ఆగిపోతారు.

ఆలస్యం సంగతికి వద్దాం. దీని మీద మీరు చాలా కష్టపడినట్టున్నారు. ఒక్కో టీకా ఎదురుగా ఒక్కో గడువు రాశారు: పుట్టగానే వేసే హెపటైటిస్-బి 24 గంటల్లోపు, పుట్టినప్పటి పోలియో చుక్కలు 15 రోజుల్లోపు, బీసీజీ ఏడాదిలోపు. ఇవన్నీ నిజమే. మీ టేబుల్ మీద అద్దం కింద పెట్టుకోవడానికి ఇది మంచి పట్టిక, ఎందుకంటే ఆలస్యంగా వచ్చిన బిడ్డకి ఏది వేయొచ్చు, ఏది వేయకూడదు అని నిర్ణయించేది మీరు. తల్లి వైపు నుంచి చూస్తే, ఆ గడువుల్లో ఏది దాటినా ఆమె చేయాల్సింది ఒక్కటే: బిడ్డని తీసుకురావడం. అన్ని గళ్లలోనూ జవాబు ఒకటే అయినప్పుడు పట్టిక ఎందుకు? పైగా ఆ గడువులు చూసి "మాది దాటిపోయింది, ఇంక వెళ్లి లాభం లేదు" అనుకునే ప్రమాదం ఉంది. కాన్పు తర్వాత పుట్టింటికి వెళ్లి, ఆర్నెల్లకి తిరిగొచ్చే తల్లులున్న ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు.

ఆ చోట ఇలా రాయమంటాను: "ఊరెళ్లో, ఒంట్లో బాగోకో ఒక విడతకి రాలేకపోతే కంగారు పడకండి. ముందు వేసిన టీకాలు వృథా కావు, మళ్లీ మొదటినుంచి వేయాల్సిన పని లేదు. ఎక్కడ ఆగిందో అక్కడినుంచే కొనసాగిస్తాం. కాకపోతే ఒకే టీకా రెండు డోసులకి మధ్య కనీసం నాలుగు వారాలు ఉండాలి, కాబట్టి ఎంత త్వరగా వస్తే అంత త్వరగా పూర్తవుతుంది. కార్డు పోయినా సరే, రండి." ఇందులో "కాకపోతే", "కాబట్టి", "పోయినా సరే" లాంటి మాటలే అసలు పని చేస్తున్నాయి. గళ్లలో పెట్టినా, పాయింట్లుగా ముక్కలు చేసినా మొదట రాలిపోయేవి అవే. రాసింది ఒకసారి చదివి, అలాంటి మాటలు తీసేస్తే అర్థం మారిపోతుందా అని చూడండి. మారితే దాన్ని వాక్యాలుగానే ఉంచండి.

ఫోన్ సంగతి మీరు అడగలేదు గానీ, ఈ కాగితం ఎలాగూ వాట్సాప్‌లో తిరుగుతుంది. మెసేజ్‌లో టైపు చేసి, మధ్యలో స్పేసులిచ్చి వరసలు కలపాలని చూడకండి. తెలుగులో ఒక్కో అక్షరానిది ఒక్కో వెడల్పు, మీ ఫోన్‌లో సరిగ్గా నిలబడిన వరస ఇంకో ఫోన్‌లో చెదిరిపోతుంది. పట్టికని ఫొటో తీసి పంపొచ్చు, కానీ నాలుగు నిలువు వరసలు మించితే ఫోన్ తెర మీద వేళ్లతో పెద్దది చేసి అటూ ఇటూ జరుపుకోవాలి. అలా జరిపేటప్పుడు వయసు ఉన్న వరస తెర దాటిపోతుంది, ఏ టీకా ఏ వయసుదో తెలియదు. మెసేజ్ అయితే ఆ బిడ్డకి సంబంధించిన ఒక్క వరసనే లైనుగా పంపండి: "మార్చి 19, బుధవారం: పోలియో చుక్కలు, రోటా చుక్కలు, పెంటా. ఈసారి సూది ఒకటే."

అచ్చు కాగితానికి కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు. అంచులకి రెండేసి వదిలితే మిగిలేది 17. ఐదు వరసలైతే ఒక్కోదానికి మూడున్నర కూడా రాదు, "పెంటావాలెంట్", "హెపటైటిస్" లాంటి మాటలు మధ్యలో విరుగుతాయి. మీరు అక్షరాలు చిన్నవి చేయాల్సి వచ్చింది అందుకే. నాలుగు వరసలు చేసి, పేర్లు మీరు నోటితో చెప్పే పొట్టి రూపంలోనే రాస్తే పెద్ద అక్షరాలు పడతాయి.

కాగితం అడుగున ఏ నెల, ఏ సంవత్సరం షెడ్యూలో రాయండి. 9 నెలలకి ఐపీవీ మూడో డోసు 2023లోనే చేర్చారు. అంతకుముందు అచ్చేసిన కాగితాల్లో అది ఉండదు, అలాంటివి ఇంకా ఇళ్లలో ఉంటాయి. తేదీ ఉంటే ఏది పాతదో తల్లికీ తెలుస్తుంది, మీకూ తెలుస్తుంది. వైద్యాధికారికి ఒకసారి చూపించాకే జిరాక్స్ తీయించండి.

జిరాక్స్ తీయించేముందు టీకాకి వచ్చిన తల్లుల్లో ముగ్గురు నలుగురికి కాగితం ఇచ్చి, మీరేమీ వివరించకుండా రెండు ప్రశ్నలు అడగండి: "తర్వాత ఎప్పుడు రావాలి?", "ఆ రోజు ఎన్ని సూదులు?" జవాబు తప్పా ఒప్పా అన్నదానికన్నా వాళ్ల వేలు ఎక్కడ మొదలైందో గమనించండి. నేరుగా వయసు మీదికెళ్లి పక్కకి జరిగితే పట్టిక సరిగ్గా ఉన్నట్టే. పైనుంచి ఒక్కో వరస చదువుకుంటూ దిగుతుంటే వయసు పేర్లు ఇంకా పెద్ద అక్షరాల్లో పెట్టాలి. వేలు పట్టిక వదిలేసి కింది వాక్యాల్లో వెతుకుతుంటే, పట్టికలో ఉండాల్సినదేదో అక్కడ ఇరుక్కుపోయిందని అర్థం. దాన్ని పైకి తీసుకురండి.